మూత్రం స్లైడులో కనిపిస్తున్నది ఏమిటి? ఎర్ర కణాలు, ఈస్ట్, స్ఫటికాలు, కాస్ట్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నవారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, రిపోర్టు మీద సందేహంతో స్లైడు ఫోటో అడిగి చూసే వైద్యులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. వీటిలో ఎక్కువ భాగం ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతాయి. గుండ్రంగా, చిన్నగా, రంగులేకుండా ఉన్న ఆ వస్తువు రక్తకణమా, కాదా? అందుకే దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఫోటో ఒక్కటే పంపితే చెప్పగలరా?

కొన్నిసార్లు చెప్పవచ్చు, చాలాసార్లు చెప్పకూడదు. ఫోటోతో పాటు నాలుగు సంగతులు తెలియాలి: ఏ ఆబ్జెక్టివ్‌తో తీశారు, మూత్రం పీహెచ్ ఎంత, స్ట్రిప్‌లో రక్తం, ప్రోటీన్, గ్లూకోజ్ గడులు ఏమి చూపాయి, నమూనా పట్టి ఎంతసేపైంది. ఇవి లేకపోతే ఎంత అనుభవం ఉన్నవారు చెప్పినా అది ఊహే.

ఫోటోలో కొలత గీత లేకపోతే పక్కనున్న కణాలనే కొలబద్దగా వాడుకోవాలి. ఎర్ర కణం సుమారు 7 మైక్రాన్లు ఉంటుంది. పస్ సెల్ అని మనం రాసే తెల్ల కణం 10 నుంచి 12 మైక్రాన్ల వరకు ఉంటుంది, లోపల గుళికలు, కేంద్రకం కనిపిస్తాయి. పలచగా, పెద్దగా, అంచులు మడతపడి ఉండే స్క్వామస్ కణం వీటికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఫోనును ఐపీస్‌కు ఆనించి తీసిన ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తే పరిమాణం గురించి ఏమీ తెలియదు, పక్క కణంతో పోల్చితేనే తెలుస్తుంది.

స్లైడు ఎలా తయారు చేస్తే చిత్రం నమ్మదగినదిగా ఉంటుంది?

మధ్యధార మూత్రాన్ని పట్టి రెండు గంటల లోపు చూడాలి. 10 లేదా 12 మిల్లీలీటర్లు సెంట్రిఫ్యూజ్‌లో 400 జి బలం వద్ద 5 నిమిషాలు తిప్పాలి. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న యంత్రంలో ఇది నిమిషానికి సుమారు 1,550 భ్రమణాలకు సమానం. పై ద్రవాన్ని వంపేసి, అడుగున మిగిలిన మడ్డిని మెల్లగా కలిపి, ఒక చుక్క స్లైడు మీద వేసి కవర్ స్లిప్ పెట్టాలి. ఇంకా గట్టిగా తిప్పితే మడ్డి బాగా దిగుతుంది కదా అని వేగం పెంచేవారున్నారు. అలా చేస్తే కాస్ట్‌లు విరిగిపోతాయి, కణాలు ఆకారం చెడతాయి.

వెలుతురు విషయంలో తప్పు ఇంకా ఎక్కువగా జరుగుతుంది. రంగు వేయని మూత్రపు మడ్డికి కండెన్సర్‌ను కిందికి దించాలి, డయాఫ్రమ్‌ను మూయాలి, కాంతిని తగ్గించాలి. రక్తపు స్మియర్ చూసిన వెలుతురులోనే మూత్రాన్ని చూస్తే హైలిన్ కాస్ట్ కళ్లెదుటే ఉన్నా కనిపించదు.

ఎర్ర కణాన్ని, ఈస్ట్‌ను ఎలా వేరు చేయాలి?

ఒక్క కణాన్ని చూసి తేల్చవద్దు. ఫీల్డు మొత్తం చూసి, ముందుగా పరిమాణాల తేడా గమనించాలి. ఒకే ఫీల్డులోని మామూలు ఎర్ర కణాలు దాదాపు ఒకే సైజులో ఉంటాయి. ఈస్ట్ అలా ఉండదు. ఒకటి 3 మైక్రాన్లు, పక్కది 5, ఇంకొకటి 7 ఉండవచ్చు. ఆకారం కూడా కొద్దిగా కోలగా, కోడిగుడ్డు వైపు మొగ్గి ఉంటుంది.

రెండోది అంచు, మెరుపు. ఫోకస్ నాబ్‌ను కొద్దిగా ముందుకు, వెనక్కి తిప్పండి. ఎర్ర కణం రెండు వైపులా లోపలికి నొక్కుకున్న బిళ్ల కాబట్టి, ఫోకస్ మారేకొద్దీ దాని మధ్యభాగం వెలుతురుగా, చీకటిగా మారుతుంది. ద్రవం కదిలినప్పుడు కణం పక్కకు తిరిగి సన్నని పట్టీలా కూడా కనిపిస్తుంది. ఈస్ట్‌కు గట్టి గోడ ఉంది. అందువల్ల ఎటు తిరిగినా నిండుగా, అంచు స్పష్టంగా, కాంతిని గట్టిగా వంచుతూ మెరుస్తుంది. మధ్యలో పాలిపోయిన భాగం ఉండదు. ఇది కదిలే స్లైడులో సులువుగా, నిశ్చల చిత్రంలో కష్టంగా తెలిసే తేడా. చిత్రం పంపేవారు ఒకే చోటును రెండు ఫోకస్‌లలో తీసి పంపితే ఎంతో మేలు.

మూడోది మొగ్గ. ఈస్ట్ మొగ్గ తొడిగి పెరుగుతుంది. పెద్ద కణానికి చిన్న కణం సన్నని మెడతో అతికి ఉంటుంది. రెండు ఎర్ర కణాలు ఆనుకుని ఉన్నప్పుడు కూడా మొగ్గలా అనిపిస్తుంది గానీ, అక్కడ రెండూ సమానంగా ఉంటాయి, మెడ ఉండదు, స్లైడును మెల్లగా తడితే విడిపోతాయి. కాండిడా అయితే పొడవాటి గొలుసుల్లా పెరిగిన సూడోహైఫాలు కూడా కనిపించవచ్చు. అవి కనిపిస్తే సందేహం తీరినట్లే. కనిపించకపోతే మాత్రం ఈస్ట్ కాదని అనుకోవద్దు. గ్లాబ్రాటా రకం చిన్న కణాలుగానే ఉంటుంది, మూత్రంలో సూడోహైఫాలు చూపదు. ఎర్ర కణాలుగా లెక్కలోకి జారిపోయేది ఎక్కువగా ఇదే.

ఇంకా అనుమానం ఉంటే?

అప్పుడు ఎసిటిక్ ఆమ్లం. 2 శాతం ద్రావణం చాలు. మడ్డిని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ముట్టుకోకుండా ఉంచండి. రెండో దానిలో ఒక చుక్క మడ్డికి ఒక చుక్క ఆమ్లం కలిపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి కవర్ స్లిప్ వేసి చూడండి. ఎర్ర కణాలు పగిలి మాయమవుతాయి. ఈస్ట్ చెక్కుచెదరదు. తెల్ల కణాల కేంద్రకాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

రెండు జాగ్రత్తలు. ఉన్న మడ్డి మొత్తానికి ఆమ్లం కలిపేస్తే పోల్చి చూడడానికి ఏమీ మిగలదు. ఇక అమార్ఫస్ ఫాస్ఫేట్ రేణువులు కూడా ఆమ్లంలో కరుగుతాయి కాబట్టి, ‘కరిగింది, కనుక రక్తమే’ అని తిరగేసి చెప్పకూడదు. ఈ పరీక్ష ఎర్ర కణానికి, ఈస్ట్‌కు మధ్య తీర్పు చెప్పడానికే పనికివస్తుంది.

ఒక నమూనాను మొదటినుంచి చివరిదాకా చూపించగలరా?

ఇలాంటి నమూనా ఏ ల్యాబుకైనా వచ్చేదే. 58 ఏళ్ల మహిళ, మధుమేహం ఉంది, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. స్ట్రిప్‌లో గ్లూకోజ్ మూడు ప్లస్‌లు, ప్రోటీన్ లేదు, రక్తం లేదు, తెల్ల కణాల గడి ఒక ప్లస్. పీహెచ్ 5.5. 40ఎక్స్ కింద చూసినవారు ‘ఎర్ర కణాలు 15 నుంచి 20, పస్ సెల్స్ 6 నుంచి 8’ అని ముసాయిదా రాశారు.

ఇక్కడ ఆగాలి. ఒక్కో ఫీల్డుకు 15, 20 ఎర్ర కణాలుంటే స్ట్రిప్‌లోని రక్తపు గడి ఆకుపచ్చగా మారి తీరాలి. అది పసుపుగానే ఉందంటే రెండింటిలో ఒకటి తప్పు. స్ట్రిప్ గడువు దాటిందా? సీసా మూత తీసి పెట్టారా? కొత్త సీసాతో మళ్లీ పరీక్షించినా రక్తం లేదు. అధిక మోతాదులో విటమిన్ సి వాడితే ఆ గడి తప్పుగా నెగటివ్ చూపవచ్చు, కనుక అదీ అడిగారు. వాడడం లేదు.

ఇప్పుడు మళ్లీ స్లైడు. ‘ఎర్ర కణాలు’ అనుకున్నవాటి పరిమాణాలు కలవడం లేదు. పక్కనున్న తెల్ల కణంతో పోల్చితే కొన్ని దానిలో మూడోవంతు, కొన్ని సగం. ఫోకస్ తిప్పినా మధ్యభాగం పాలిపోవడం లేదు. మూడు ఫీల్డులు తిరిగేసరికి మెడతో అతికిన మొగ్గలు రెండు చోట్ల దొరికాయి. ఎసిటిక్ ఆమ్లం కలిపాక కూడా సంఖ్య తగ్గలేదు. అవి ఈస్ట్ కణాలు. డాపాగ్లిఫ్లోజిన్ పని చేసే తీరే గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపడం కాబట్టి, ఈస్ట్ కనిపించడం వింతేమీ కాదు.

అయితే కథ ఇంకా ఉంది. అదే స్లైడులో స్క్వామస్ కణాలు గుంపులుగా ఉన్నాయి. అంటే నమూనాలో యోని స్రావం కలిసి ఉండవచ్చు. ఈస్ట్ మూత్రాశయం నుంచి వచ్చిందా, బయటి నుంచి వచ్చిందా అన్నది ఈ స్లైడు చెప్పలేదు. శుభ్రంగా పట్టిన మధ్యధార నమూనాను మళ్లీ అడగడమే సరైన పని. ముసాయిదా అలాగే వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఒక్కో ఫీల్డుకు 3 లేదా అంతకు మించి ఎర్ర కణాలుంటే వైద్యులు దాన్ని మూత్రంలో రక్తంగా లెక్కిస్తారు. ఆమెను స్కానింగుకు, మూత్రాశయంలోకి గొట్టం వేసి చూసే పరీక్షకు పంపేవారు.

స్ట్రిప్‌లో రక్తం ఉంది, స్లైడులో ఎర్ర కణాలు లేవు. ఇదెలా?

పై సమస్యకు ఇది తలకిందుల రూపం. స్ట్రిప్ పట్టుకునేది కణాన్ని కాదు, హీమ్‌ను. కణాలు పగిలిపోయి హీమోగ్లోబిన్ మాత్రమే మిగిలితే, లేదా కండరాలు దెబ్బతిని మయోగ్లోబిన్ వస్తే, కణాలు లేకుండానే గడి రంగు మారుతుంది. మామూలుగా జరిగేది మాత్రం ఇంకా చిన్న విషయం. మూత్రం బాగా పలచగా ఉన్నప్పుడు, అంటే సాంద్రత 1.010 కన్నా తక్కువైనప్పుడు, ఎర్ర కణాలు నీటితో ఉబ్బి లోపలి రంగు కోల్పోతాయి. మిగిలేది పలచని ఖాళీ వలయం. దాన్ని ఘోస్ట్ కణం అంటారు. కాంతి తగ్గించి చూస్తే కొన్నైనా దొరుకుతాయి. అందుకే సాంద్రత చూడకుండా ‘ఎర్ర కణాలు లేవు’ అని రాయవద్దు.

ముళ్లు ముళ్లుగా, వంకరగా ఉన్న ఎర్ర కణాలకు అర్థం ఏమిటి?

ముళ్లన్నిటికీ ఒకే అర్థం లేదు. చిక్కని మూత్రంలో నీరు కోల్పోయిన కణం ముడుచుకుపోయి చుట్టూ సమంగా చిన్న ముళ్లు చూపుతుంది. ఇది మూత్రం చిక్కదనం చేసిన పని, జబ్బు కాదు. అకాంతోసైట్ వేరు. అది వలయంలా ఉండి, అంచు మీద ఒకటో రెండో మూడో బుడిపెలు బయటికి పొడుచుకు వస్తాయి, బుడిపెల సైజులు సమంగా ఉండవు. కిడ్నీ వడపోత గుచ్ఛాల గుండా, అంటే గ్లోమెరులస్ గుండా దూరి వచ్చిన రక్తానికి ఇది గుర్తు. ఇలా ఆకారం చెడిన కణాలతో గ్లోమెరులస్ జబ్బును గుర్తించవచ్చని 1979లో బర్చ్, ఫెయిర్లీ చూపారు. ఎర్ర కణాల్లో 5 శాతం, ఆపైన అకాంతోసైట్లు ఉంటే అనుమానం బలపడుతుంది. ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్ ఉంటే ఈ లెక్క సులువు. నాలుగు గంటలు బల్ల మీద నిలిచిన నమూనాలో మాత్రం ఈ లెక్క జోలికి పోవద్దు.

గుండ్రంగా ఉన్నవన్నీ ఈ రెండింటిలో ఒకటేనా?

కాదు. కాల్షియం ఆక్సలేట్‌లో మోనోహైడ్రేట్ రూపం కోలగా, కొన్నిసార్లు డంబెల్ ఆకారంలో ఉంటుంది. కోలగా ఉన్నవి అచ్చం ఎర్ర కణాల్లా మోసం చేస్తాయి. ఇక్కడ ఆమ్లం తీర్పు చెప్పదు, ఎందుకంటే ఆక్సలేట్ కూడా ఎసిటిక్ ఆమ్లంలో కరగదు. కాంతి మార్గంలో రెండు పోలరైజర్ ఫిల్టర్లను అడ్డంగా పెట్టి చూడాలి. నల్లటి నేపథ్యంలో ఆక్సలేట్ వెలిగిపోతుంది, ఎర్ర కణం, ఈస్ట్ కనిపించకుండా పోతాయి.

గ్లౌజుల పొడి నుంచి వచ్చే స్టార్చ్ గింజ కూడా వెలుగుతుంది గానీ, దానిలో శిలువ గుర్తు కనిపిస్తుంది. మామూలు కాంతిలో దాని మధ్య చిన్న గుంట ఉంటుంది. నూనె బొట్టు, గాలి బుడగ ఈ పరీక్ష దాకా రానక్కరలేదు. నల్లటి మందమైన అంచు, ఇష్టం వచ్చిన సైజు, తరచుగా మిగతా కణాలకు భిన్నమైన ఫోకస్ తలం వాటిని పట్టిస్తాయి.

కాస్ట్‌ను దారపు పోగు నుంచి, శ్లేష్మం నుంచి ఎలా వేరు చేయాలి?

కాస్ట్ ఎలా పుడుతుందో తెలిస్తే ఈ ప్రశ్న సగం తీరుతుంది. కిడ్నీ నాళిక గోడలు యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్‌ను స్రవిస్తాయి. పాతవారు దీన్నే టామ్-హార్స్‌ఫాల్ ప్రోటీన్ అంటారు. మూత్రం చిక్కగా, ఆమ్లంగా, మందగమనంతో ఉన్నప్పుడు అది నాళికలోనే గడ్డకట్టి, ఆ నాళిక ఆకారాన్నే తెచ్చుకుంటుంది. అందుకే కాస్ట్‌కు రెండు సమాంతరమైన పక్కలు, గుండ్రటి కొన, నాళిక వెడల్పు ఉంటాయి. ఆ సమయంలో నాళికలో ఏ కణాలు ఉన్నాయో అవి లోపల ఇరుక్కుంటాయి.

శ్లేష్మపు పోగుకు పక్కలు సమాంతరంగా ఉండవు, కొసలు సన్నబడి చీలిపోతాయి. బట్ట లేదా డైపర్ పోగుకు అంచు మందంగా, నల్లగా ఉంటుంది, పొడవు చాలా ఎక్కువ, పోలరైజర్ కింద తళతళలాడుతుంది. కాస్ట్ మామూలుగా అలా వెలగదు. కొవ్వు కాస్ట్‌లోని బొట్లు మాత్రం శిలువ గుర్తుతో వెలుగుతాయి, అది వేరే సంగతి. ఫ్రిజ్‌లో పెట్టిన నమూనాలో యూరేట్ రేణువులు శ్లేష్మపు పోగు వెంట పేరుకుని గ్రాన్యులర్ కాస్ట్ వేషం వేస్తాయి. అంచు గీత ఉందా అని చూడండి. రేణువుల గుంపుకు అంచు ఉండదు, కాస్ట్‌కు ఉంటుంది. సూడోహైఫాలను కాస్ట్ అనుకునేవారూ ఉన్నారు. అవి చాలా సన్నం, కణానికీ కణానికీ మధ్య నొక్కులుంటాయి.

వెతకడం 10ఎక్స్‌తో మొదలుపెట్టి, కవర్ స్లిప్ అంచుల వెంట నడవాలి. కాస్ట్‌లు అక్కడికి చేరుతుంటాయి. దొరికాక 40ఎక్స్‌కు మారి లోపల ఏముందో చూడాలి. లో పవర్ ఫీల్డుకు ఒకటో రెండో హైలిన్ కాస్ట్‌లు ఆరోగ్యవంతుల్లో కూడా కనిపిస్తాయి, ఎండలో శ్రమించిన తరువాత ఇంకా ఎక్కువగా.

ఎర్ర కణాల కాస్ట్ అని ఎప్పుడు ధైర్యంగా రాయవచ్చు?

కణాలు కాస్ట్ మీద కాదు, కాస్ట్ లోపల ఉన్నాయని తేలినప్పుడు. ఫోకస్‌ను పైనుంచి కిందికి తిప్పుతూ పోతే వేర్వేరు లోతుల్లో కణాలు స్పష్టం కావాలి, వాటి చుట్టూ ప్రోటీన్ అంచు గీత కనిపించాలి. గీత లేకుండా కణాలు వరుసగా చేరితే అది గుంపు మాత్రమే. నారింజ, గోధుమ కలిసిన రంగు ఉంటే నమ్మకం పెరుగుతుంది. ఈ కాస్ట్ రాయడం అంటే గ్లోమెరులస్ వాచిందని చెప్పడమే. స్ట్రిప్‌లో రక్తం, ప్రోటీన్ రెండూ ఉండి, అకాంతోసైట్లు కనిపిస్తే దీనికోసం మరో రెండు స్లైడులు వెతికినా సమయం వృథా కాదు. దొరికితే రిపోర్టు ప్రింటయ్యే దాకా ఆగకుండా వైద్యుడికి ఫోను చేయండి.

స్ఫటికాలన్నీ పేర్లతో గుర్తుపెట్టుకోవాలా?

అక్కర్లేదు. ముందు పీహెచ్ చూడండి, సగం పేర్లు వాటంతటవే తొలగిపోతాయి. ఆమ్ల మూత్రంలో యూరిక్ ఆమ్లం, యూరేట్‌లు, క్షార మూత్రంలో ట్రిపుల్ ఫాస్ఫేట్, అమార్ఫస్ ఫాస్ఫేట్. కాల్షియం ఆక్సలేట్ డైహైడ్రేట్, అంటే మధ్యలో అడ్డగీతలున్న చదరం, ఎక్కువగా ఆమ్ల మూత్రంలో ఉంటుంది గానీ తటస్థ మూత్రంలోనూ రావచ్చు. వీటిలో చాలావరకు తిండి, తక్కువ నీరు, నిలవ ఉంచడం వల్ల వచ్చేవే. నమూనాను ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే అడుగున లేత గులాబీ పొడి దిగడం యూరేట్ పని. 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే కరిగిపోతుంది.

అయితే ఒక స్ఫటికం విషయంలో మాత్రం రాజీ పడవద్దు, అది సిస్టిన్. రంగులేని పలచని ఆరు భుజాల పలక. ఆరోగ్యవంతుల మూత్రంలో కనిపించదు, పుట్టుకతో వచ్చే సిస్టినూరియాకు గుర్తు. చిక్కేమిటంటే యూరిక్ ఆమ్లం కూడా కొన్నిసార్లు ఆరు భుజాలతో వస్తుంది. పోలరైజర్ కింద యూరిక్ ఆమ్లం రంగురంగులుగా మెరుస్తుంది, పలచని సిస్టిన్ మెరవదు లేదా మసకగా ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సిస్టిన్ కరుగుతుంది, యూరిక్ ఆమ్లం కరగదు. ఆ తరువాత సయనైడ్ నైట్రోప్రుసైడ్ పరీక్షతో నిర్ధారించాలి. సయనైడ్ విషం కాబట్టి ఆ సదుపాయం ఉన్న పెద్ద ల్యాబుకు పంపడమే మంచిది.

ఏ పటంలోనూ లేని సూదుల కట్టలు కనిపిస్తే రోగి వాడే మందుల జాబితా అడగండి. అమాక్సిసిలిన్, ఎసైక్లోవిర్, సల్ఫా మందులు స్ఫటికాలుగా దిగగలవు.

యంత్రం లెక్కించి ఇస్తోంది కదా, ఇంకా కళ్లతో చూడాలా?

చూడాలి. ఈస్ట్‌ను, కోలటి ఆక్సలేట్‌ను ఎర్ర కణాలుగా లెక్కించడం ఆటోమేటెడ్ యంత్రాలకు బాగా తెలిసిన బలహీనత. ప్రతి నమూనాకూ స్లైడు వేయలేకపోతే ఒక నియమం పెట్టుకోండి. స్ట్రిప్‌కు, యంత్రపు లెక్కకు పొంతన కుదరని ప్రతి నమూనాకూ స్లైడు వేయాలి.

స్లైడులో ఏమీ లేకపోతే కిడ్నీలు బాగున్నట్లేనా?

కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఇందుకు దగ్గరి ఉదాహరణ. అది ప్రధానంగా నాళికలను, వాటి మధ్య కణజాలాన్ని దెబ్బతీసే రకం కాబట్టి, మూత్రంలో ప్రోటీన్ స్వల్పంగా, మడ్డి దాదాపు ఖాళీగా ఉండగానే కిడ్నీ పనితనం పడిపోతూ ఉండవచ్చు. అక్కడ సీరం క్రియాటినిన్ చెప్పేది స్లైడు చెప్పదు.

ఎంత చూసినా తేలకపోతే రిపోర్టులో ఏమి రాయాలి?

కనిపించినదాన్ని కనిపించినట్టు రాయాలి. ‘గుండ్రటి, కాంతిని గట్టిగా వంచే కణాలు, ఎసిటిక్ ఆమ్లంలో కరగలేదు, మొగ్గలు కనిపించలేదు, మళ్లీ తాజా నమూనా పంపండి’ అని రాస్తే వైద్యుడికి పనికివస్తుంది. ‘ఎర్ర కణాలు 8 నుంచి 10’ అని అంకె వేస్తే అది పనికిరాకపోవడమే కాదు, రోగిని తప్పుదారి పట్టిస్తుంది. ఈస్ట్ అని తేలినప్పుడు కూడా ‘ఈస్ట్ కణాలు కనిపించాయి’ అని మాత్రమే రాయండి, ‘ఫంగల్ ఇన్ఫెక్షన్’ అని కాదు. లక్షణాలు లేని చాలామందికి మూత్రంలో ఈస్ట్ ఉన్నా మందు అవసరం ఉండదు. తెల్ల కణాలు బాగా తగ్గినవారు, చాలా తక్కువ బరువుతో పుట్టిన శిశువులు, మూత్రనాళ శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు ఇందుకు మినహాయింపు. ఆ నిర్ణయం వైద్యుడిది. స్లైడును మాత్రం వైద్యుడు చూసి సంతకం చేసేదాకా పారేయకుండా, ఎండిపోకముందే రెండు ఫోకస్‌లలో ఫోటో తీసి, ఆబ్జెక్టివ్, పీహెచ్, సాంద్రత పక్కనే రాసి ఉంచండి.